జనవరి పిల్లకు ఒక వెలుతురు, జూలై పిల్లకు ఇంకొకటి

ఒకే హేచరీ, ఒకే జాతి. అదే షెడ్డు, అదే దాణా, అవే టీకాలు. అయినా జనవరిలో దిగిన బ్యాచ్ పదిహేడో వారంలోనే అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. జూలైలో దిగిన బ్యాచ్ ఇరవై వారాలు దాటుతున్నా దాణా తిని ఊరుకుంటుంది. అనపర్తి, తణుకు వైపు లేయర్ ఫారాల్లో ఈ తేడా చాలామంది చూసిందే. మొదటిదాన్ని మంచి బ్యాచ్ అనీ రెండోదాన్ని మొద్దు బ్యాచ్ అనీ అనుకోవడం మామూలే. పిల్లల్లో మాత్రం ఏ తేడా లేదు. తేడా వాటి మీద పడ్డ పగటి వెలుతురులో ఉంది. జనవరి పిల్ల పెరిగినన్నాళ్లూ పగలు పెరుగుతూ వచ్చింది, జూలై పిల్ల పెరిగినన్నాళ్లూ తగ్గుతూ వచ్చింది.

గోదావరి జిల్లాలు ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఇక్కడ డిసెంబరు చివర పగటి నిడివి 11 గంటల 5 నిమిషాలకు కాస్త అటూ ఇటూ, జూన్ చివర 13 గంటలకు పైన ఇంకో ఏడెనిమిది నిమిషాలు. ఐరోపాతో పోలిస్తే ఈ రెండు గంటల తేడా చాలా తక్కువ. అక్కడి రైతులు పగటి నిడివి సగానికి సగం మారడం చూస్తారు. మనకు ఉన్నది రెండు గంటలేనని ఇక్కడ చాలామంది వెలుతురు లెక్క పట్టించుకోరు. కోడి పట్టించుకుంటుంది.

కోడి వెలుతురును కంటితోనే కాదు, నేరుగా మెదడుతో కూడా గ్రహిస్తుంది. 1930లలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ బెన్వా బాతుల మీద చేసిన ప్రయోగాల్లో, చూపు లేని బాతుల్లో కూడా వెలుతురుకు బీజకోశాలు పెరిగాయి. సన్నని క్వార్ట్జ్ కడ్డీ ద్వారా మెదడు అడుగు భాగానికి, అంటే హైపోథాలమస్‌కు, వెలుతురు చేరవేసినా అదే ఫలితం వచ్చింది. పక్షి పుర్రె పలచన. వెలుతురు, ముఖ్యంగా అందులోని ఎర్ర భాగం, చర్మాన్నీ ఎముకనూ దాటి లోపలికి పోతుంది. అక్కడ అందిన కబురు పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి హార్మోన్ల రూపంలో అండాశయానికి చేరుతుంది. అప్పటిదాకా నిద్రలో ఉన్న అండాశయంలో పచ్చసొనలు ఒకదాని వెంట ఒకటి ఎదగడం మొదలవుతుంది.

అయితే మెదడు చూసేది రోజు మొత్తం మీద ఎంత వెలుతురు పడిందన్నది కాదు. తెల్లవారిన దగ్గర్నుంచి సుమారు 11 నుంచి 15 గంటల మధ్య ఒక సమయం ఉంటుంది. ఆ సమయంలో వెలుతురు ఉందా, చీకటి ఉందా అన్నదే లెక్క. ఆ వేళకు వెలుతురు తగిలితే మెదడు దాన్ని పెద్ద పగలుగా తీసుకుంటుంది. తగలకపోతే చిన్న పగలే. ఎనిమిది గంటల పగలు ఇచ్చి, మధ్యలో చీకటి ఉంచి, ఆ కీలకమైన వేళకు కొద్దిసేపు మాత్రమే బల్బు వెలిగించినా పక్షి దాన్ని పెద్ద పగలుగానే భావిస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఇది గుర్తుంచుకోవాలి, వాచ్‌మన్ బల్బు సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో టి.ఆర్. మోరిస్ 1950ల చివరి నుంచి దశాబ్దాల తరబడి ఈ విషయం మీదే పనిచేశారు. పెరిగే వయసులో పగలు ఎన్ని గంటలన్నదానికన్నా, అది ఏ వైపు మారుతోందన్నదే పెట్ట గుడ్డుకు వచ్చే వయసును ఎక్కువగా నిర్ణయిస్తుందన్నది ఆ పనిలో తేలిన ముఖ్యమైన సంగతి. పగలు పెరుగుతుంటే త్వరగా వస్తుంది, తగ్గుతుంటే ఆలస్యంగా వస్తుంది. లేయర్ రైతులందరి నోటా వినిపించే రెండు సూత్రాలు దీని నుంచే పుట్టాయి. పెరిగే పిల్లకు వెలుతురు పెంచకూడదు, గుడ్డు పెట్టే పెట్టకు వెలుతురు తగ్గించకూడదు.

త్వరగా గుడ్డుకు వస్తే నష్టమేమిటని కొత్తగా ఫారం పెట్టినవాళ్లు అడుగుతారు. నాలుగు గుడ్లు ముందే వస్తే మంచిదే కదా అనిపిస్తుంది. పదిహేడో వారంలో వెయ్యి గ్రాములున్న పెట్ట ఇంకా పెరిగే పిల్లే. దాని ఎముకలకు, కండకు పోవలసిన మేత గుడ్డుకు పోతుంది. గుడ్డు చిన్నది, రేటు రాదు. ఆ చిన్న గుడ్డుకు కూడా కటి ఎముకల మధ్య దారి సరిపోదు. గుడ్డు పెట్టేటప్పుడు లోపలి గొట్టం బయటికి జారి, సరిగ్గా వెనక్కి పోదు. ఆ ఎర్రటి భాగాన్ని పక్క పెట్టలు పొడుస్తాయి. పొద్దున్నే కేజీల దగ్గరికి వెళ్లేసరికి తోక కింద రక్తంతో చచ్చిపడి ఉన్న పెట్ట కనిపిస్తుంది. రైతుకు అది జబ్బులా తోస్తుంది, మందు కోసం వెతుకుతాడు. బతికిన పెట్టలు కూడా పీక్ చేరాక నిలవలేవు, ఉత్పత్తి త్వరగా జారిపోతుంది. చిన్న గుడ్డు పెట్టే అలవాటు ఆ బ్యాచ్‌ను చాలాకాలం వదలదు.

ఆలస్యమైతే నష్టం ఇంకో రకం. ఆ వయసులో పెట్ట రోజుకు సుమారు 80 గ్రాముల దాణా తింటుంది. పది వేల పెట్టలు ఒక్క వారం ఆలస్యంగా గుడ్డుకు వస్తే గుడ్డు లేకుండా తిన్న దాణా ఐదున్నర టన్నుల పైమాటే. ఈలోగా పొట్టలో కొవ్వు పేరుకుంటుంది.

ఇప్పుడు జనవరి బ్యాచ్‌ను చేతిలోకి తీసుకుందాం. రాజమండ్రి చుట్టుపక్కల, పక్కలు తెరిచి ఉండే మామూలు షెడ్డు. జనవరి 10న పిల్లలు దిగాయి. ఆ రోజు సూర్యోదయం ఉదయం ఆరున్నర దాటాక, అస్తమయం సాయంత్రం 5:45 ప్రాంతంలో. అంటే పగలు 11 గంటల 10 నిమిషాలు. ఈ పిల్లలకు 18 వారాలు నిండేది మే 16న. ఆ రోజు సూర్యోదయం 5:30కి, అస్తమయం 6:27 ప్రాంతంలో. పగలు 13 గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. షెడ్డును ఏమీ చేయకుండా వదిలేస్తే ఈ పిల్లలు పెరిగినన్నాళ్లూ రోజురోజుకూ కొంచెం కొంచెంగా, మొత్తం గంటా ముప్పావు వెలుతురు పెరగడం చూస్తాయి. మనం ఒక్క బల్బు వేయకపోయినా ప్రకృతే వాటికి గుడ్డు పెట్టమని నాలుగు నెలల పాటు చెబుతూనే ఉంటుంది.

తెరిచిన షెడ్డులో సూర్యుణ్ణి ఆపలేం. చేయగలిగింది ఒక్కటే, సూర్యుడు చివరికి ఎక్కడిదాకా వెళతాడో ముందే చూసుకుని, మొదటి నుంచీ పిల్లను అక్కడే నిలబెట్టడం. పద్దెనిమిది వారాలు నిండే రోజుకు పగలు ఎంత ఉంటుందో క్యాలెండరులో చూస్తే తెలుస్తుంది. దానికి పొద్దున ఓ పావుగంట, సాయంత్రం ఓ పావుగంట కలపాలి. సూర్యుడు రాకముందూ పోయిన తర్వాతా ఉండే మసక వెలుతురును కూడా కోడి వెలుతురుగానే తీసుకుంటుంది కనుక. మన బ్యాచ్‌కు ఆ లెక్క పదమూడున్నర గంటలు వస్తుంది. ఉదయం 5:15 నుంచి సాయంత్రం 6:45 దాకా. మే నెలలో సూర్యుడు తనంతట తానే ఇచ్చేది ఇంతే. ఆ పదమూడున్నర గంటలను జనవరి చివర నుంచే మనం లక్ష్యంగా పెట్టుకుంటాం.

పిల్ల దిగిన మొదటి మూడు రోజులు 22, 23 గంటల వెలుతురు ఉండాలి. నీళ్లూ మేతా ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి అది కావాలి. ఒక గంట చీకటి మాత్రం అలవాటు చేయాలి, లేకపోతే ఎప్పుడో కరెంటు పోయిన రాత్రి పిల్లలు బెదిరి ఒక మూలకు ఎగబడి, ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. రెండో వారం 20 గంటలు, మూడో వారం 18. ఆ తర్వాత వారానికొక గంట చొప్పున తగ్గిస్తూ ఎనిమిదో వారానికి పదమూడున్నరకు దించుతాం. అక్కడి నుంచి పద్దెనిమిది వారాలు నిండేదాకా గడియారం కదలదు. మార్చిలో సూర్యుడు ఆరుంపావుకు వస్తే అంతకుముందు గంట బల్బు. ఏప్రిల్‌లో ఐదూ ముప్పావుకు వస్తే బల్బు అరగంటే. బయట పగలు పెరుగుతూనే ఉంటుంది, పిల్లకు మాత్రం రోజూ ఒకే పగలు. చిన్న పిల్లల మెదడు మొదటి కొన్ని వారాల్లో వెలుతురు మార్పుకు పెద్దగా స్పందించదు. సుమారు తొమ్మిది, పది వారాలు దాటాక పట్టించుకోవడం మొదలవుతుంది. అందుకే అప్పటికల్లా నిలకడైన పగలులోకి చేర్చేయాలి.

పిల్లకు వెలుతురు పెంచకూడదంటూనే జనవరి పిల్లకు బల్బులేమిటని కొందరు రైతులకు అనుమానం వస్తుంది. ఇక్కడ బల్బు వేసేది పెంచడానికి కాదు, పెరుగుదల కనిపించకుండా చేయడానికి. పదకొండు నుంచి పదమూడుకు ఎదిగే పగలు పిల్లను తొందరపెడుతుంది. ఇరవై రెండు నుంచి పదమూడున్నరకు దిగి అక్కడ ఆగిన పగలు తొందరపెట్టదు.

జూలై బ్యాచ్ కథ వేరు. జూలై 10న దిగితే పద్దెనిమిది వారాలు నిండేది నవంబరు 13న. పగలు 13 గంటల నుంచి 11 గంటల 20 నిమిషాలకు దిగుతుంది. పెరిగేటప్పుడు అదనపు బల్బు అవసరం లేదు. మొదటి వారాల వెలుతురు తగ్గించి సహజమైన పగలుకు వదిలేస్తే, తగ్గే పగలే పిల్లను ఆపుతుంది. ఈ బ్యాచ్‌కు చిక్కు నవంబరులో వస్తుంది. బల్బు వేయడం పది రోజులు మర్చిపోయినా బయట పగలు ఇంకా తగ్గుతూనే ఉంటుంది, డిసెంబరు చివరిదాకా ఆగదు. బరువు కుదిరిన రోజునే ఒక గంట పెంచి పదమూడుకు తేవాలి. ఆ తర్వాత వారానికి అరగంట చొప్పున పోతే ఇరవై నాలుగో వారానికి పదహారు గంటలకు చేరుతుంది.

బరువు కుదిరిన రోజు అన్న మాట తేలికగా రాయలేదు. వెలుతురు పెంచడమంటే పెట్ట శరీరానికి ఇక మొదలుపెట్టమని ఆజ్ఞ ఇవ్వడం. ఆ ఆజ్ఞ ఇవ్వాల్సింది వయసును చూసి కాదు, తూకాన్ని చూసి. మన దగ్గర ఎక్కువగా కనిపించే బీవీ-300 లాంటి తెల్ల పెట్టలకు 18 వారాలకు సుమారు 1,200 గ్రాములు ఉండాలి. కచ్చితమైన అంకె జాతి కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి.

సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. షెడ్డులో ముందు వరస, మధ్య వరస, చివరి వరస, పై కేజీ, కింది కేజీ అన్నిటి నుంచీ కలిపి వంద పెట్టలను ఒక్కొక్కటిగా తూచి రాసుకోవాలి. చేతికి అందినవి పట్టుకుంటే ఎక్కువగా మందకొడివే దొరుకుతాయి కాబట్టి, ఒక కేజీ తెరిస్తే అందులో ఉన్నవన్నీ తూచడం పద్ధతి. సగటు 1,205 గ్రాములు వచ్చిందనుకుందాం. చూడ్డానికి బాగానే ఉంది. దానికి పది శాతం కింద, పది శాతం పైన, అంటే 1,085 నుంచి 1,325 మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఎనభై ఉంటే ఆ బ్యాచ్ సమంగా ఉన్నట్టు. అరవై ఎనిమిదే వచ్చాయనుకోండి. మిగతా ముప్పై రెండులో కొన్ని బరువెక్కువ, చాలా వాటికి బరువు లేదు. వెయ్యి గ్రాములున్నదానికీ పదమూడు వందలున్నదానికీ ఒకే రోజు ఒకే బల్బు వెలుగుతుంది. వెలుతురు పెంచితే తేలికవి కూడా గుడ్డుకు వస్తాయి, ముందు చెప్పిన బాధలన్నీ వాటికే పడతాయి.

అప్పుడు ఒక వారం ఆగడమే మంచిదని నా అభిప్రాయం. ఈ వారంలో తేలిక పెట్టలను విడదీసి ఒక వరస కేజీల్లోకి చేర్చి, వాటికి రోజుకు ఒక పూట ఎక్కువ మేత వేయాలి. జనవరి బ్యాచ్‌కు ఈ అవసరం తరచూ వస్తుంది. దానికి పద్దెనిమిది వారాలు నిండేది మే నడుమ. షెడ్డులో నలభై డిగ్రీలుంటే పెట్టలు నోరు తెరిచి రొప్పుతాయి తప్ప తినవు. వేసవిలో పెరిగిన బ్యాచ్ తూకంలో వెనకబడటం సహజమే. దాన్ని చూసి కూడా క్యాలెండరు ప్రకారం బల్బు వేసేస్తే ఆ ఏడాది అంతా దాని ఫలితం అనుభవించాలి. అలాగని మరీ నాన్చకూడదు. వారం, మహా అయితే పది రోజులు. పగలు స్థిరంగా ఉంచినా వయసు వచ్చిన పెట్ట తనంతట తనే గుడ్డుకు వస్తుంది. అప్పుడు ఒక్కోటి ఒక్కో వారం వస్తుంది, మందంతా కలిసి రాదు.

తూకంతో పాటు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తల మీద జుట్టు రంగు తిరుగుతుంది, పాలిపోయిన గులాబీ నుంచి నెత్తుటి ఎరుపుకు. మనిషి చెయ్యి దగ్గరికి తెస్తే పిల్ల పారిపోతుంది, గుడ్డుకు సిద్ధమైన పెట్ట రెక్కలు కొంచెం విప్పి కిందికి వాలి కూర్చుంటుంది. పెట్టను పట్టుకుని తోక కింద ఇరువైపులా వేలితో తడిమితే రెండు సన్నని ఎముకల మొనలు తగులుతాయి. పిల్లగా ఉన్నప్పుడు వాటి మధ్య ఒక వేలు కూడా కష్టంగా పడుతుంది. గుడ్డు దగ్గరపడేసరికి రెండు వేళ్లు పడతాయి. అనుభవమున్న సూపర్‌వైజరు ఈ ఎముకలను తడిమి, వంద పెట్టల్లో ఎన్ని తెరుచుకున్నాయో చెప్పగలడు. అది లక్స్ మీటరు చెప్పలేని సంగతి.

జనవరి బ్యాచ్‌కు తూకం కుదిరిందనుకుందాం. గోదావరి వేసవిలో వెలుతురును తెల్లవారుజామున పెంచడం మంచిది. చల్లటి వేళ పెట్ట తింటుంది. మొదటి పెంపు ఒక గంట ఒకేసారి. ఐదుంపావుకు వెలిగే బల్బు నాలుగుంపావుకు వెలుగుతుంది, పద్నాలుగున్నర గంటలవుతుంది. ఆ కుదుపు పెట్ట మెదడుకు స్పష్టంగా తెలియాలి. ఐదేసి నిమిషాలు పెంచుతూ పోతే మంద సగం వింటుంది, సగం వినదు. తర్వాతి వారం మూడూ ముప్పావుకు. ఆ తర్వాత రెండు వారాలు సాయంత్రం వైపు అరగంట చొప్పున, ఏడుంపావుకు, ఏడూ ముప్పావుకు. ఇరవై ఒకటో వారానికి పదహారు గంటలు. అంతకు మించి పెంచితే లాభం లేదు, కరెంటు ఖర్చే. ఆర్పే వేళ ఒకసారి కుదిరాక మళ్లీ కదల్చకూడదు. పెట్ట లోపలి గడియారం ప్రధానంగా చీకటి పడే వేళను బట్టే నడుస్తుంది, గుడ్డు వేళ దాన్ని బట్టే కుదురుతుంది.

వెలుతురు పెంచిన రోజు నుంచి మొదటి గుడ్డు దాకా సాధారణంగా రెండు మూడు వారాలు. హార్మోన్లు కొన్ని రోజుల్లోనే కదులుతాయి. పచ్చసొన వేగంగా ఎదగడానికి వారం, పది రోజులు పడుతుంది. దాని చుట్టూ తెల్లసొన, పెంకు ఏర్పడటం ఒక రోజు పైచిలుకు పని. ఈలోగా పెట్ట తన ఎముకల లోపల కాల్షియం దాచుకుంటుంది, పెంకుకు దాన్నే వాడుతుంది. అందుకని గుడ్డుకు ఓ రెండు వారాల ముందే గ్రోవర్ దాణా నుంచి కాల్షియం కొంత ఎక్కువ ఉన్న దాణాకు మార్చాలి. వెలుతురు పెంచి దాణా మార్చకపోతే మొదటి గుడ్లకే ఎముకలు ఖాళీ అవుతాయి.

లెక్కంతా సరిగ్గా వేసుకున్నా షెడ్డులో మూడు చోట్ల అది తప్పుతుంది. మొదటిది పక్క షెడ్డు. స్థలం తక్కువ ఉన్న ఫారాల్లో గ్రోవర్ షెడ్డుకూ లేయర్ షెడ్డుకూ మధ్య దూరం అంతగా ఉండదు. లేయర్ షెడ్డులో తెల్లవారుజామున నాలుగింటికే బల్బులన్నీ వెలుగుతాయి. ఆ వెలుతురు గ్రోవర్ షెడ్డు పక్క వరస మీద పడుతుంది. ఒక ఫారంలో సూపర్‌వైజరు చూపించిన వరస నాకు ఇప్పటికీ గుర్తుంది. లేయర్ షెడ్డు వైపున్న పెట్టల జుట్లు ఎర్రగా నిలబడ్డాయి. అదే షెడ్డులో అటు చివరి వరసలో అవే వయసు పిల్లల జుట్లు ఇంకా లేతగా ఉన్నాయి.

“ఈ వైపు మాత్రం బాగా వస్తున్నాయండీ, మేత ఒకటే కదా మరి?” అన్నాడతను.

“నాలుగింటికి లైట్లు వేసినప్పుడు ఒకసారి ఇక్కడికొచ్చి నిలబడి చూడు బాబూ,” అన్నారు పక్కనే ఉన్న డాక్టరుగారు.

మర్నాడు ఆ పని చేశాక ఆ రెండు షెడ్ల మధ్య గోనె పట్టాలు కట్టారు. ఈ లోపాన్ని పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు. రాత్రి గ్రోవర్ షెడ్డులో నిలబడి చేతిలో పేపరు పట్టుకుంటే అక్షరాలు కనబడకూడదు. వీధి దీపం పడే మూల, వాచ్‌మన్ తన మంచం దగ్గర రాత్రంతా ఉంచుకునే బల్బు కూడా అంతే. ముందు చెప్పిన కీలకమైన వేళలో మెదడుకు కాస్త వెలుతురు తగిలితే అది పెద్ద పగలే. గంట సేపు వెలిగినా చాలు, పదిహేను వారాల పిల్లకు అది గుడ్డు పెట్టమన్న కబురు.

రెండోది టైమర్. చాలా ఫారాల్లో గుండ్రటి ముల్లు టైమర్లు ఉంటాయి. లోపలి చిన్న మోటారు కరెంటు మీదే నడుస్తుంది. రాత్రి రెండు గంటలు కరెంటు పోతే టైమర్ కూడా రెండు గంటలు ఆగుతుంది, కరెంటు రాగానే ఆగిన చోటి నుంచి నడుస్తుంది. మూడూ ముప్పావుకు వెలగాల్సిన బల్బు ఐదూ ముప్పావుకు వెలుగుతుంది, అప్పటికే తెల్లవారిపోయి ఉంటుంది. సాయంత్రం కూడా ఆర్పాల్సిన వేళకు రెండు గంటలు ఆలస్యంగా ఆరుతుంది. ఒకవైపు పగలు తగ్గి, ఇంకోవైపు పెరిగి, పెట్ట లోపలి గడియారం కలగాపులగమవుతుంది. గుడ్డు పెట్టే పెట్టకు పగలు తగ్గితే వారం, పది రోజుల్లో ట్రేలు తగ్గుతాయి. ఇంకొన్ని రోజులు సరిచేయకపోతే కేజీల కింద రెక్కల ఈకలు రాలి కనిపిస్తాయి. ఈకలు మార్చడం మొదలుపెట్టిన పెట్ట గుడ్డు ఆపేస్తుంది. ట్రేలు తగ్గగానే దాణాను, నీళ్లను అనుమానిస్తారు, ముల్లు టైమర్‌ను ఎవరూ చూడరు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ అంత ఖరీదైనది కాదు. అది లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చేతి గడియారంతో సరిచూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

మూడోది బల్బులే. పై కేజీకి బల్బు దగ్గర, కింది కేజీకి దూరం. పైన నీడ పడితే కింది కేజీకి ఏమీ అందదు. దుమ్ము, సాలెగూడు, దాణా పొడి పట్టిన బల్బు మామూలుగా ఇవ్వాల్సిన వెలుతురులో సగం కూడా ఇవ్వదు. మీటరు ఉంటే, కింది వరసలో దాణా తొట్టి దగ్గర, పెట్ట తల ఎత్తులో పెట్టి చూడాలి. 20 లక్స్ ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మీటరు లేకపోతే అక్కడ కూర్చుని పేపరు చదవగలగాలి. పెరిగే పిల్ల షెడ్డులో రాత్రి పేపరు చదవలేకపోవాలి, గుడ్డు పెట్టే షెడ్డులో బల్బు వేళల్లో కింది కేజీ దగ్గర కూడా చదవగలగాలి. ఎల్‌ఈడీ బల్బులు కొనేటప్పుడు తెల్లగా నీలిగా ఉన్నవాటికన్నా పసుపు వెచ్చదనం ఉన్నవి ఎంచుకోవాలి. వాటిలో ఎర్ర భాగం ఎక్కువ, పుర్రె దాటి మెదడుకు చేరేది అదే.

ఇంకో చిన్న విషయం కూడా ఇబ్బంది పెడుతుంది. సాయంత్రం బల్బు బాగా చీకటి పడ్డాక కాక, ఇంకా కొంచెం వెలుతురు ఉండగానే వెలగాలి. తెల్లవారుజామున సూర్యుడు బాగా వచ్చాకే ఆరాలి. మధ్యలో అరగంట చీకటి వస్తే పగలు రెండు ముక్కలవుతుంది. వానాకాలంలో పక్క పరదాలు దించి, ఆకాశం మబ్బు పట్టిన రోజున షెడ్డు లోపల మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ రోజుల్లో టైమర్‌ను నమ్మకుండా చేత్తో బల్బులు వేయాలి.

వేసవిలో గుడ్డు పెట్టే పెట్టలకు రాత్రి మధ్యలో గంట, గంటన్నర వెలుతురు వేసి మేతా నీళ్లూ అందించే పద్ధతి మన వైపు చాలామంది పాటిస్తున్నారు. పగటి ఎండకు తినలేని పెట్ట రాత్రి చల్లగా ఉన్నప్పుడు తింటుంది, పెంకు తయారయ్యే వేళకు కాల్షియం అందుతుంది. ఈ వెలుతురుకు ముందూ వెనకా కనీసం మూడేసి గంటల చీకటి ఉండాలి. అప్పుడు పదహారు గంటల పగలు పదహారుగానే ఉంటుంది. ఇది గుడ్డు పెట్టే పెట్టకే. పక్కన గ్రోవర్ షెడ్డు ఉంటే ముందు ఆ వైపు పరదా దించి, తర్వాతే ఈ బల్బు వేయాలి. గుడ్డు పెట్టే మందకు ఒకసారి పదహారు గంటలకు చేరాక, ఎనభై వారాల వయసుకు బండికెక్కించేదాకా ఒక్క పావుగంట కూడా తగ్గించకూడదు. డిసెంబరులో సూర్యుడు తగ్గించుకున్నదంతా బల్బు పూడ్చాలి. ఏడాదిలో ఆ రెండు నెలలే ఫారానికి కరెంటు బిల్లు ఎక్కువ వచ్చేది, బిల్లు చూసి లైట్లు ముందే ఆర్పేసిన షెడ్డులో గుడ్లు తగ్గేది కూడా అప్పుడే.